డిస్‌క్వాలిఫై అయిన ఫొటో

జూన్ 29, ఆదివారం

కెమెరా క్లబ్ మీటింగ్ మూడు గంటలు సాగింది. తేలింది ఒక్కటే, ఈసారి ఫొటో కాంటెస్ట్ ప్రకటన నేనే రాయాలి. ఫిజిక్స్ లెక్చరర్‌వి, రూల్స్ పక్కాగ రాస్తవు తమన్నా అని ప్రెసిడెంట్ రేవణసిద్ధప్ప గారు నా నెత్తిన పెట్టేశారు. సెక్రటరీ బతుకు ఇంతే.

పోయినసారి ఒక మహానుభావుడు కోహీర్ జామతోట మీద లేని చంద్రుణ్ణి తెచ్చి అతికించి ఫస్ట్ ప్రైజు ఎగరేసుకుపోయాడు. ఆ చంద్రుడు మా క్లబ్ పరువు తీశాడు. ఈసారి నా చేతిలోంచి ఎవరూ తప్పించుకోలేరు.

జూన్ 30

గ్రూపులో పెట్టేశాను. ఇక్కడా అంటిస్తున్నాను, రేపు ఎవరైనా మాకు తెలియదంటే మొహాన కొట్టడానికి.

అంశం: మా ఇంట్లో మనిషి. మీతో ఒకే కప్పు కింద ఉండే మనిషిని ఇంటి లోపలే తీయాలి. జులైలో తీసిన ఫొటో అయి ఉండాలి. ఒకరికి రెండు ఎంట్రీలు. జేపెగ్ ఫైల్, పొడుగు వైపు మూడు వేల పిక్సెళ్లు. ఫొటో మీద పేరు గానీ స్టూడియో లోగో గానీ ఉండకూడదు, జడ్జీలకు నంబర్లే వెళ్తాయి. క్రాప్, ఎక్స్‌పోజర్, కాంట్రాస్ట్ సరిచేసుకోవచ్చు. ఉన్నది తీసేయడం, లేనిది పెట్టడం, ఏఐ వాడడం కుదరదు. చివరి పదిలోకి వచ్చినవాళ్లు కెమెరాలోంచి వచ్చిన ఒరిజినల్ ఫైల్ పంపాలి. తేడా ఉంటే ఎంట్రీ రద్దు. ఫొటోలో ఉన్న మనిషి ఒప్పుకోవాలి, పిల్లలైతే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. కమిటీవాళ్లు పాల్గొనకూడదు.

మార్కులు వంద. అంశానికి ముప్పై, కంపోజిషన్‌కు ఇరవై ఐదు, టెక్నిక్‌కు ఇరవై, మనసును తాకినందుకు ఇరవై ఐదు. ఫస్ట్ ప్రైజు పది వేలు, పెద్ద ఫ్రేమ్ కట్టిన ప్రింటు. సెకండ్ ఐదు వేలు, థర్డ్ మూడు వేలు. ఆగస్టు 19, ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు ప్రదానం.

జులై 12

పిల్లిని ఇంట్లో మనిషి కింద లెక్కేస్తారా అని ఒకరు అడిగారు. లెక్కెయ్యరు.

ఆగస్టు 3

ఎంట్రీలు మూసేశాను. పేర్లు తీసేసి ఫైళ్లకు నంబర్లు వేస్తూ కూర్చున్నాను. సగం మంది అమ్మమ్మలనే తీశారు. ఝరాసంగం నుంచి ఒకాయన తన భార్య నిద్రపోతుంటే తీసి పంపాడు. ఆమె ఒప్పుకుందా అని ఫోన్ చేస్తే ఇంకా లేవలేదు మేడం అన్నాడు.

ఆగస్టు 9, శనివారం

జడ్జింగ్. జడ్జీలు ముగ్గురు, ఎవరి మార్కులు వాళ్లవి, తర్వాత సగటు. నంబర్ 27 మిగతా అన్నిటినీ తొక్కేసింది. కరెంటు పోయిన వంటిల్లు, తల్లి కొంగు పట్టుకుని నిలబడిన చిన్నపిల్ల, చేతిలో కొరికిన జొన్నరొట్టె. ఫ్లాష్ వెలుగులో నేరుగా మనల్నే చూస్తోంది. పెద్ద జడ్జి జగన్‌మోహన్ గారు ఆ చూపుకే మార్కులన్నారు.

పేరు తీసి చూస్తే వీరేశ్. స్టూడియో వీరేశ్, మా క్లబ్‌వాడే. పిల్ల అతని కూతురు కావ్య.

ఆగస్టు 10, ఆదివారం, ఉదయం

పదిమంది ఒరిజినళ్లు వచ్చాయి. ఒక్కొక్కటీ ఎంట్రీ పక్కనే పెట్టి, పెద్దది చేసి, మూల నుంచి మూలకు చూశాను. తొమ్మిది బాగానే ఉన్నాయి.

27 దగ్గర దొరికాడు. ఒరిజినల్‌లో పిల్ల ఎడమ కంటిపాప తెల్లగా ఉంది. పంపిన ఫొటోలో నల్లగా ఉంది, పైగా మధ్యలో చక్కటి మెరుపు చుక్క పెట్టాడు. కుడి కన్ను కాపీ చేసి తిప్పి పెట్టినట్టుంది. నాకు సంతోషం వేసింది, అబద్ధమెందుకు. చంద్రుడి కసి తీరింది.

ఫోన్ చేస్తే వీరేశ్ తేలిగ్గా నవ్వాడు. అది ఫ్లాష్ మచ్చ మేడం, ఆ పిల్లకు ఎడమ కంట్ల ఎప్పుడు గట్లనే వస్తది, ప్రతి ఫొటోల నేనే సాఫ్ చేస్త అన్నాడు. రూల్ రూలే అన్నాను. కోపమొచ్చింది. జర మచ్చ తీస్తే దాన్ని చంద్రునితోటి జోడు కట్టవట్టిన్రా, మీకు నేను గెలుసుడు ఇష్టం లేదు అని పెట్టేశాడు. రద్దు మెయిల్ పంపేశాను.

అదే రోజు, మధ్యాహ్నం

అన్నం సహించడం లేదు. ఎప్పుడు గట్లనే వస్తది అన్నాడు.

ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. ఫ్లాష్ వెలుగు కంటి వెనక పొరకు తగిలి తిరిగొస్తుంది, అక్కడి రక్తం వల్ల ఎర్రగా కనిపిస్తుంది. పిల్ల పక్కకు చూసినప్పుడు ఎప్పుడైనా ఒకసారి తెల్లగా పడొచ్చు. కానీ ఈ పిల్ల నేరుగా చూస్తోంది. ప్రతిసారీ ఒకే కన్ను ఎందుకు?

గూగుల్‌లో కొట్టాను. మొదటి పేజీ సగం కూడా చదవలేకపోయాను. లాప్‌టాప్ మూసేశాను. ఉదయం నేను సంతోషపడ్డాను.

సాయంత్రం

వాళ్లింటికి వెళ్లాను. బేరానికి వచ్చాననుకున్నాడు. పాత ఫొటోలు చూపించమన్నాను. పుట్టినరోజు, పుట్టువెంట్రుకలు, ఊరి బయటి రోడ్డు మీద కొత్త బండి, అన్నిటిలోనూ రెండు నల్లటి కళ్లు. ఒరిజినళ్లు ఏవని అడిగితే కార్డు నిండుతదని ఎప్పటికప్పుడు కొట్టేస్త అన్నాడు. కాంటెస్ట్‌కు అడుగుతరని ఇదొక్కటే ఉంచాడట.

తలుపులు మూసి, నా కెమెరా ఫ్లాష్‌తో కావ్యను తీశాను. మళ్లీ తెలుపు. పక్కనున్న అతని భార్య మానసను తీశాను, రెండు కళ్లూ మామూలుగానే ఉన్నాయి. కావ్య కుడి కన్ను మీద అరచేయి పెట్టి బిస్కెట్ చూపించాను. అందుకోలేదు. ఏడ్చింది.

అప్పుడు మానస గోడకు ఆనుకుని చెప్పింది. మాపటేల దీపం ముంగట ఆ కన్ను పిల్లి కన్ను తీరు మెరుస్తదక్కా, నాకు అనుమానమొచ్చి ఈయనను అడిగితే ఫ్లాష్‌కు గట్లనే ఉంటది అన్నడు, కెమెరా సంగతి ఈయనకే ఎరుక గద అని నేను ఊకున్న.

వీరేశ్ కెమెరా నా చేతిలోంచి తీసుకుని ఆ ఫొటోనే చూస్తూ నిలబడ్డాడు. రేపే హైదరాబాద్ పొమ్మని, కంటి దవాఖానలో పిల్లల డాక్టరుకు చూపించమని చెప్పాను. జబ్బు పేరు మాత్రం నా నోటితో అనలేకపోయాను.

ఆగస్టు 12

క్యాన్సర్. రెండున్నరేళ్ల పిల్లకి, కంట్లో.

ఆగస్టు 15

కాలేజీలో జెండా ఎగరేస్తుంటే ఫోన్ వచ్చింది. ఎప్పటి నుంచి ఉందో పాత ఫొటోలు చూపియ్యమని డాక్టర్ అడిగిందట. ఫోన్ నిండ పిల్ల ఫొటోలే మేడం, ఒక్కటి పనికి రాలే అన్నాడు వీరేశ్. మీరు ఒక్కదాంట్ల దొరకవట్టిన్రు, నేను అన్నిట్ల సాఫ్ చేసిన అన్నాడు. కాంటెస్ట్‌కు వచ్చిన ఒరిజినల్‌ను డాక్టరుకు చూపించమని అతనికే తిరిగి పంపాను.

కన్ను తీసెయ్యాలట. తీస్తే పిల్ల బతుకుతుందట.

ఆగస్టు 19

ప్రైజులు ఇచ్చాం. పాపం, ఫస్ట్ వీరేశ్‌కే ఇద్దామా తమన్నా అని రేవణసిద్ధప్ప గారు నెమ్మదిగా అడిగారు. వద్దన్నాను. రెండో ఫొటో మొదటిదైంది. జగన్‌మోహన్ గారు మైకు పట్టుకుని, నేను ఆ చూపుకే మార్కులేసిన అని దిగిపోయారు.

ఆగస్టు 26

ఆపరేషన్ అయింది. జబ్బు కన్ను దాటి బయటికి పాకలేదన్నారు. పిల్ల బతుకుతుంది. స్టాఫ్‌రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

సెప్టెంబర్ 7

మానస ఫోన్. కావ్య ఫొటో ప్రింటు కావాలంది. జడ్జీలు మెచ్చిందేనా అన్నాను. అది గాదక్కా, ఆయన సాఫ్ చెయ్యనిది అంది. ఇంట్ల ఉన్నయన్ని ఆయన గీసిన కండ్లే, నా బిడ్డ కన్ను దాంట్లనే ఉన్నది అంది.

ప్రింటుకు పంపాను. ఏమీ సరిచేయలేదు.