గంట ధనశ్రీకి పెట్టిన పోస్టు

అనకాపల్లి,
నవంబరు 20, గురువారం.

కన్నబాబు అన్నయ్యకు నమస్కారాలు,

ఈరోజు లేవగానే ఒక ఆశ్చర్యం. మన హైస్కూలు హెడ్మాస్టారు అప్పారావు గారు, ఎవరి ఫొటోకీ లైకు కూడా కొట్టని మనిషి, నేను ధనశ్రీకి పెట్టిన పుట్టినరోజు పోస్టు కింద కామెంటు రాశారు. అది చదివి ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టేశాను.

ఇక్కడ అమ్మ, నాన్న, నేను బాగానే ఉన్నాం. నువ్వడిగిన అమ్మ మోకాలినొప్పి తగ్గింది. కొత్త బెల్లం వచ్చింది, నాన్న నీకు పంపుతానంటున్నాడు. మీ క్యాంపులో నెట్ రాదు కాబట్టి పోస్టులో ఏం రాశానో ఉత్తరంలో రాయమన్నావు కదా.

ఎనిమిది ఫొటోలు పెట్టాను. మొదటిది మాత్రం ధనశ్రీ అందంగా ఉన్నది. అలా పెట్టకపోతే తన స్టోరీలో పెట్టుకోదు. మిగతావన్నీ పరువు తీసేవే: నూకాలమ్మ జాతరలో నోరంతా తెరిచి జిలేబీ తింటున్నది, బస్సులో నా భుజం మీద నిద్రపోతున్నది, ఆరో తరగతి గ్రూపు ఫొటోలో కళ్లు మూసుకున్నది. కింద నాలుగు వాక్యాలు రాయడానికి మూడు రోజులు పట్టింది:

“పుట్టినరోజు శుభాకాంక్షలే, గంట ధనశ్రీ! ఆరో తరగతి నుంచి నా టిఫిన్ బాక్సులో సగం నీదే. తొమ్మిదిలో మూడింటికే ఆఖరి గంట కొట్టి స్కూలంతటినీ ఇంటికి పంపిన వీరనారివి, నీకింకా ఎవరూ విగ్రహం పెట్టలేదేమే? నువ్వు లేని రోజు నాకు మాటలు తోచవు, ఉన్న రోజు నాకు వంతు రాదు.”

నిన్న పొద్దున్నే తనని ట్యాగ్ చేసి పెట్టాను. పది నిమిషాల్లో తన స్టోరీలో పెట్టుకుని ఫోన్ చేసింది.

“ఏటే, ఆ జిలేబీ ఫొటో తియ్యకపోతే సంపేత్తాను!”

“తియ్యనే. లైకులన్నీ దానికే వత్తన్నాయి.”

సాయంత్రానికి కామెంట్ల నిండా “గంట” అనే మాటే. కాలేజీలో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా అలాగే పిలిచారట.

ఇక మాస్టారి కామెంటు: “ఆ రోజు నిన్ను అందరి ముందూ కొట్టాను తల్లీ. నువ్వు నోరెత్తలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.” దాని కింద ధనశ్రీ, “పర్లేదు సార్.”

అన్నయ్యా, గంట కొట్టింది నేను. ఆ పూట లెక్కల పేపర్లు ఇస్తారని, ఈసారి నాకు మార్కులు తగ్గి ఉంటాయని భయపడి కొట్టాను. ధనశ్రీ నా చేతిలోంచి ఇనుపకడ్డీ లాక్కునేసరికి మాస్టారు వచ్చేశారు, కడ్డీ దాని చేతిలోనే చూశారు. క్లాసు ఫస్టు వచ్చే నన్నెవరనుమానిస్తారు? నాలుగేళ్లుగా నీతోపాటు నేనూ ఆ పేరు పెట్టి దాన్ని ఏడిపిస్తున్నాను. వాక్యం బాగా కుదిరిందన్న మురిపెంలో అది అబద్ధమన్న సంగతే పట్టించుకోలేదు.

మధ్యాహ్నం దానికి ఫోన్ చేసి ఏడ్చాను.

“ఇప్పుడేటి సేత్తావే?” అంది.

“అందరికీ సెప్పేత్తాను.”

“నా దెబ్బలెప్పుడో మానిపోనాయి గానీ, ఏడవకు. సెప్తే మాయమ్మకి ముందు సెప్పు. గంట కొట్టింది నేను కాదంటే ఆవిడ ఇప్పటికీ నమ్మదు.”

పోస్టు కింద రాసింది మార్చవచ్చు. కానీ చూసేసినవాళ్లు మళ్లీ వచ్చి చదవరు. అందుకే జరిగింది జరిగినట్టు కొత్త పోస్టు రాశాను, ఈసారి అరగంటే పట్టింది. అది పెట్టకముందే, రేపు పొద్దున్న ఏడింటికల్లా వాళ్లింటికి వెళ్లి వాళ్లమ్మ సూర్యకాంతమ్మ పిన్నికి చెబుతాను. అక్కడి నుంచి ధనశ్రీని వెంటబెట్టుకుని మాస్టారింటికి వెళతాను.

ఇట్లు,
నీ చెల్లి
సుమశ్రీ