పెట్టెలోని దీపం

అమ్మడూ,

గృహప్రవేశానికి వచ్చినవాళ్లందరికీ కృతజ్ఞతలు చెబుతూ ఒకే సందేశం రాసివ్వమన్నావు. అందరికీ ఒకటే పంపితే అది బ్యాంకువాళ్ల సందేశంలా ఉంటుంది. ఎవరేం ఇచ్చారో, అది ఇంట్లో ఎక్కడుందో చెప్పి, రెండు వాక్యాల్లో ఆపాలి.

ఎదురింటి టీచరమ్మకు: "మీరిచ్చిన మొక్క వంటింటి కిటికీలో ఉంది. నా చేతిలో పడి కూడా బతికే ఉంది." మీ అత్తకు: "తువ్వాళ్లు దాచిపెట్టలేదు, వాడేస్తున్నాం." గోడగడియారాలు మూడొచ్చాయి. ముగ్గురికీ "మీ గడియారం హాల్లో ఉంది" అని రాయి. ఎవరొస్తే వాళ్లది తగిలిస్తాను.

ఇక తాతయ్య పాత స్నేహితుడు, ప్రెస్సులో పనిచేసినాయన. నువ్వు తాతయ్య ఫోన్ నుంచి పంపిన పిలుపు చూసి, తాతయ్యే పిలిచాడనుకుని, చదువుకునే దీపం తెచ్చాడు. గుమ్మంలోనే "వాడేడమ్మా?" అన్నాడు. పోయి ఏడాది దాటిందని చెప్పాను, మంచినీళ్లు కావాలా అని అడిగినంత మామూలుగా. ఆయన సిగ్గుపడి, భోంచేయకుండా వెళ్లిపోయాడు. సిగ్గుపడాల్సింది నేను. తాతయ్య పోయినప్పుడే ఆయనకు ఉత్తరం రాయాల్సింది. రాయలేదు.

ఆయనకు ఇలా పంపు: "అన్నయ్యగారూ, దీపం కిటికీ పక్క కుర్చీ దగ్గర పెట్టాం, వెలుతురు బాగుంది. ఆ రోజు తినకుండా వెళ్లారు, ఆదివారం వచ్చి తినండి." కుర్చీ ఎవరిదో రాయకు. ఈసారి నా ఫోన్ నుంచి పంపు.

దీపాన్ని ఇంకా పెట్టెలోంచి తీయలేదు. సందేశం పంపేముందు ఒక్కసారి నాకు చెప్పు, తీస్తాను.

మీ అమ్మమ్మ