లక్క పుస్తె

దుబాయి,
ఆగస్టు 1986

అవ్వకు,

రాజమల్లు దండాలు. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, బాపూ, తమ్ముడింటివాళ్ళూ కులాసాగా ఉన్నారని మీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. ఇది శివరాం చదివి వినిపిస్తాడు గనక వాడికి ముందే చెబుతున్నాను: ఒక్క వాక్యం దాటేయొద్దు తమ్ముడూ, గొంతు తగ్గించొద్దు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. తిండికి లోటు లేదు. నా పని గోదాములో గనక ఎండ తగలదు. బాపు దగ్గుకి మందు పంపుతున్నాను, బీడీ మానకపోతే ఆ మందు దండగ. మళ్ళీ పెళ్ళి సంగతి ఇక రాయించొద్దు.

మీ పెళ్ళయి యాభై ఏళ్ళయిన పండుగకి నీకు బంగారం పెట్టాలన్నారు. పెడతాను. శివరాం బిస్కెట్ పంపమన్నాడు. బంగారు బిస్కెట్ ఇంట్లో దాచుకోవడమే మన దేశంలో నేరం, నగ అయితేనే ఉంచుకోవచ్చు. బొంబాయి నాగ్‌పాడాలో కూర్చుని రోజూ పేపరు చదివే మనిషికి నేను దుబాయి నుంచి చెప్పాల్సి వచ్చింది. మరదలు రత్నాబాయి మరాఠీవాళ్ళలా నల్లపూసల మంగళసూత్రం అయితే పండుగ జరిగే హాల్లో అందరికీ కనబడుతుందంది. దుకాణంలో చూశాను. సేఠు పూసలతో కలిపి తూచాడు. పూసల బరువు తీసేయమంటే, "ఇత్నా హిసాబ్ కౌన్ కర్తా హై, భాయ్?" అని, ఇంత లెక్క ఎవరు చూస్తారన్నట్టు నవ్వాడు. గాజుకి బంగారం ధర ఇచ్చి మురిసిపోయేవాళ్ళు ఉన్నంతకాలం నవ్వుతాడు. అరబ్బుల గొలుసులు ఇరవై ఒక్క కారెట్. మన వాడకం ఇరవై రెండు. వాటినీ వదిలేశాను.

ఇక నువ్వు రాయించిన మాట. "యాదమ్మ పుస్తెలు ఉత్తగనే ఉన్నయి గద బిడ్డా. ముత్తైదువగ పోయిన పిల్ల బంగారం మంచిది. కరిగించి నా పుస్తెల కలుపు." ముప్పై నిండకుండా నా భార్య పోతే మన గల్లీ ఆడవాళ్ళు అదృష్టమన్నారు. ఆ అదృష్టం తమ కూతుళ్ళకి కావాలని ఒక్కరూ అనలేదు. నువ్వూ అనలేదు.

అయినా నా దగ్గరున్న వాటిని తీసుకెళ్ళాను. ఇక్కడ మన కరీంనగర్ అవుసులాయన ఒకడు ఒక నగల దుకాణం వెనక పని చేస్తాడు. రెండు పుస్తెలూ గీటురాయి మీద గీసి ద్రావకం చుక్క వేశాడు. రెండు గీతలూ నిలిచాయి. "రెండూ మంచియే సారూ" అన్నాడు. కరిగించే ముందు అత్తింటి పుస్తెని, అంటే మనం పెట్టినదాన్ని, మంటకి చూపాడు. పొగ లేచింది. అంచు విడిపోయి నల్లగా లక్క కారింది.

"పైన రేకు, లోపలంత లక్క. ఎవలు చేయించిన్రు సారూ?"

"మావాళ్ళే."

"లక్క కూడ బంగారం లెక్క తూగిందన్నట్టు!"

పుట్టింటి పుస్తె పల్చనిదే, కానీ అంతా బంగారం. దాన్ని మంటలో పెట్టనివ్వలేదు. చేతిలోకి తీసుకున్నాను.

నల్లా దగ్గర పదిమందిలో నువ్వు అన్నది నేను మేడ మీది గ్యాలరీలోంచి విన్నాను. "ఏందే యాదమ్మా, మీ అవ్వ పెట్టిన పుస్తె గాలికి ఎగిరిపోతదేమో, పట్టుకో! మాది జూడు, బూరె లెక్క ఎట్లున్నదో!" అందరూ నవ్వారు. ఆమె బిందె ఎత్తుకుని వచ్చేసింది. బతికి ఉన్నన్నాళ్ళూ ఆ బూరెని పైకి, తల్లి పెట్టినదాన్ని కొంగు లోపలికి వేసుకుంది. ఆ తల్లి అంజమ్మ ఇటుకలు మోసి కొన్న బంగారం అది. మన పుస్తె ఫాక్‌లాండ్ రోడ్డులో బేరమాడి కొన్నది నువ్వు. లోపల ఏముందో నీకు తెలుసా అని అడగను. తెలుసంటే ఒక బాధ, తెలియదంటే నమ్మను.

ఇన్ని పేజీలు తిరిగి అసలు మాటకి వచ్చాను. యాదమ్మ బంగారం నీ మెడలోకి రాదు. నీ అత్తింటి పుస్తె పెట్టాల్సిన ఇంటివాణ్ణే గనక నీకు ఒక కొత్త పుస్తె, నాలుగు గుండ్లు చేయించాను. ఇరవై రెండు కారెట్, ముద్ర ఉంది, లోపల బోలు లేదు. నీ పుట్టింటి పుస్తె పాతదే ఉంచుకో, అది నేను మార్చేది కాదు. సెలవు మీద వస్తున్న మా గోదాము రాజలింగం రసీదుతో సహా తెస్తాడు.

వేరే పొట్లంలో యాదమ్మకి అంజమ్మ పెట్టిన పుస్తె ఉంది. అది శివరాంతో పంపొద్దు. నువ్వే తీసుకెళ్ళాలి. పొద్దున నల్లా దగ్గర ఆడవాళ్ళంతా ఉన్నప్పుడు ఆమె చేతిలో పెట్టి, ఇది నిఖార్సయిన బంగారమని నీ నోటితో చెప్పాలి. చెప్పాకే నీ పొట్లం ఇమ్మని రాజలింగంతో అన్నాను. చెప్పలేకపోతే రెండూ అంజమ్మకే ఇచ్చేస్తాడు.

బాపుకి దండాలు.

ఇట్లు,
నీ పెద్దకొడుకు, అంజమ్మ అల్లుడు,
రాజమల్లు