పగటి నిద్ర

మణికొండ,
ఆదివారం సాయంత్రం

పద్మక్కకి నమస్కారాలు. నీ ఆపరేషన్ కుట్లు పూర్తిగా మానాయా? బిందెలు ఎత్తడం లేదు కదా? బావగారు, పిల్లలు కులాసాయేనా? నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ వద్దు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి రాస్తున్నాను. చింపకుండా చదువు.

ఆ రోజు పొద్దున పదింటికి నువ్వు ఫోన్ చేసి ఆపరేషన్ తేదీ చెప్తే నిద్రమత్తులో "తప్పకుండా వస్తానక్కా" అన్నానట. ఒట్టు, నాకు ఒక్క మాటా గుర్తులేదు. ఆసుపత్రిలో గుమ్మం వైపే చూస్తూ పడుకున్నావని తర్వాత బావగారు చెప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పటి నా బతుకు విను. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున ఆరున్నర దాకా అమెరికా వాళ్ళ ఇన్సూరెన్స్ ఫోన్లు. పన్నెండింటికో ఎనర్జీ డ్రింకు, నాలుగింటికి ఇంకోటి. హాస్టలు గదికొచ్చాక నిద్ర రాక మెలటోనిన్ బిళ్ళ, గంటాగి మరోటి, పడుకుని ఫోను చూస్తూ. సెలవు రోజుల్లోనేమో అందరిలా రాత్రి పడుకునేదాన్ని. సోమవారం మళ్ళీ మొదటికి.

ఆ సిగ్గుతోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఇక్కడి ఆవిడే, మొహమాటం లేదు. "నాలుగింటికి తాగినదాంట్ల సగం కెఫీన్ తొమ్మిది, పదింటిదాక ఒంట్లనే ఉంటది. ఇగ నిద్రెట్లొస్తది? ఈ బిళ్ళ మత్తుమందు కాదమ్మా, చీకటి పడ్డదని ఒంటికి చెప్పే కబురు. నువ్వేమో ఎండల పడొచ్చి, ఫోను వెలుగు చూసుకుంట రెండు మింగితివి" అంది.

డ్రింకులు ఒక్కసారిగా మానొద్దంది. ముందు నాలుగింటిది వదిలాను, రెండు రోజులు తల పగిలిపోయింది. ఇప్పుడు షిఫ్టు మొదట్లో ఒక టీ, అంతే. పొద్దున దింపే ఆఫీసు కారులో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటాను. డ్రైవరు యాదగిరన్న "ఏందమ్మా, కండ్లకలకనా?" అని రోజూ ఆటపట్టిస్తాడు. కిటికీకి నల్లగుడ్డ కొట్టాను. ఎనిమిదింటికి పడక, మూడింటికి లేవడం. సెలవు రోజైనా తెల్లవారుజామున నాలుగు దాకా మేలుకుని మధ్యాహ్నం దాకా పడుకుంటాను. బిళ్ళ ఆవిడ చెప్పినట్టు చిన్నది ఒక్కటే, కొన్ని వారాలు వేసుకుని ఆపేశాను. నిద్ర పట్టకపోతే లేచి మసక వెలుతురులో కుర్చీలో కూర్చుంటాను.

మొదటి రెండు వారాలూ ఇంకా అధ్వానం. రెండో నెలలో ఒక రోజు కదలకుండా మూడు దాకా పడుకున్నాను. లేచి ఏడ్చాను, ఎందుకో తెలియదు.

నేను లేచేసరికి పక్క మంచం అమ్మాయి ఆఫీసులో ఉంటుంది. బిల్డింగంతా తాళాలే. పెరుగన్నం తింటూ ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తుంది, ఎవరూ ఉండరు. వచ్చే నెల నాలుగు రోజులు సెలవడిగాను, ఇచ్చారు. రానా?

బావగారికి నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు.

మత్తులో ఉన్నన్నాళ్ళూ నాకేదీ తెలియలేదక్కా. ఇప్పుడు తేరుకున్నాను కదా, నువ్వు ఫోన్ చేయడం లేదని రోజూ తెలుస్తోంది. తిట్టడానికైనా ఒక్కసారి చెయ్యి. ప్రతి మాటా గుర్తుపెట్టుకుంటాను.

నీ దీవెన కోరే చెల్లెలు,
సునీత