జాహెదాకు ఒక వాక్యం

కుప్పం,
12 నవంబరు 1981

ప్రియమైన జహీరా,

ఈ ఉదయం నీ కవరు మళ్లీ విప్పితే, పావొలా చీటీ మడతలో ఒక దూదిపింజ కనిపించింది. మీ నాన్నగారి పరుపుల అంగడిదై ఉంటుంది. ఊదేయబుద్ధి కాలేదు.

పదిహేనేళ్ల మీ చెల్లి జాహెదాను మెదడువాపు జ్వరం తీసుకుపోయిందంటే నమ్మలేకుండా ఉన్నాను. ఓదార్చడం నాకు చేతకాదని మదనపల్లె కాన్వెంటు రోజుల నుంచీ నీకు తెలుసు. అందుకే నువ్వు అడిగిన పని చేశాను. మీ ఇంట్లో నాలుగు నెలలు ఉండి చదువుకున్న ఇటలీ అమ్మాయి పావొలా, వెళ్తూ దిండు కింద పెట్టిన చీటీలో జాహెదా గురించి ఏం రాసిందో వినాలని మీ అమ్మ కాచుకుని ఉందన్నావు కదా.

సిస్టర్ అగాత బతికుండగా నేర్పిన ఇటాలియన్, ఆమె వదిలిపోయిన నిఘంటువు, నాకున్నవి ఈ రెండే. ముందు మాటకు మాట ఇంగ్లీషులో రాసుకుని, తర్వాత తెలుగు చేశాను. ‘గ్రాత్సియె’ దగ్గర చాలాసేపు ఆగాను. ధన్యవాదాలు అంటే సభ చివర చెప్పినట్టుంటుంది. ‘మీ మేలు మరవను’ అని రాశాను. దేని మీదైనా బెంగ ఉంటే వాళ్లు ‘అది నాకు కొరవడుతుంది’ అంటారు. దాన్ని అలాగే ఉంచాను.

‘మీరందరూ నన్ను కూతురిలా చేర్చుకున్నారు. అబ్బాజాన్, గుర్రంకొండ కోట చూపించారు, మీ మేలు మరవను. అమ్మీ, మీ పొయ్యి దగ్గరి వాసన నాకు కొరవడుతుంది, మీ మేలు మరవను. జహీరా, చిరిగిన నా బట్టలన్నీ కుట్టావు, నీ మేలు మరవను. జాహెదా, అందరికంటే నీ మేలు ఎక్కువ, ఎన్నటికీ మరవను.’

అసలు చీటీ కూడా పంపుతున్నాను.

నీ
ఫిలోమిన

*

పుంగనూరు,
20 నవంబరు

ఫిలోమినా,

నీ తెలుగు అమ్మకు చదివి వినిపించాను, ‘మేలు మరవను’ అన్నది గ్రాత్సియె అని కూడా చెప్పాను. చివరి మాట దగ్గర “మళ్లీ సదువు” అంది. చదివాను.

“నా బిడ్డను బయటిదాన్ని చేసేసి పోయిందే,” అంది.

నీకు తెలియదు. పావొలా నీళ్లిచ్చినా గ్రాత్సియె, దువ్వెనిచ్చినా గ్రాత్సియె అనేది. జాహెదా గిల్లేది. “ఇంగోసారి అన్నావంటే ముక్కు కోస్తా. అది బయటోళ్లకు చెప్పుకో పో. అక్కాచెల్లెళ్లకు యాల?” అనేది. వెళ్లేముందు పావొలా దాని తల మీద చెయ్యి పెట్టి, ఇంకెప్పుడూ అననని ఒట్టు వేసింది. అమ్మ చూసింది. తన మంచం ఇచ్చేసి నాలుగు నెలలు నేల మీద పడుకుంది జాహెదా.

పావొలా రాసిన అసలు చీటీని అమ్మ పొయ్యిలో పెట్టేసింది. “ఇది ఇంగ ఈడ వొద్దు” అంది.

జహీరా

*

కుప్పం,
24 నవంబరు

జహీరా,

ఆ వాక్యం పావొలాది కాదు, నాది.

ఆమె రాసింది ఇది: ‘జాహెదాకు మాత్రం గ్రాత్సియె చెప్పను.’ దాని కింద సంతకం, అంతే. ప్రతి మాటా నాకు స్పష్టంగానే అర్థమైంది. అందరికీ చెప్పి, చనిపోయిన పిల్లకొక్కదానికి చెప్పనంటే మీ అమ్మ ఎలా తట్టుకుంటుందని భయపడ్డాను. ఇద్దరికీ ఏదో పోట్లాట అయిందనుకున్నాను. నిన్ను అడిగి ఉండవచ్చు. అడగలేదు.

పావొలా ఒట్టు తప్పలేదు. ఇది అమ్మకు చదువు.

ఫిలోమిన

*

పుంగనూరు,
10 జనవరి 1982

ఫిలోమినా,

ఇన్నాళ్లు రాయలేకపోయాను. చదివాను. అమ్మ కోప్పడలేదు.

“ఫిలోమిన ఆ పొద్దు నేను బాధపడతానని ఒకటి రాసింది. ఈ పొద్దు ఏడుస్తాండానని ఇంగొకటి రాసింది. మంచి బిడ్డే పాపం. నేను యాదాన్ని నమ్మేది?” అంది.

“కాల్చకుండా ఉంటే ఇంగెవురితోనైనా సదివించేవాళ్లం కదా,” అన్నాడు నాన్న. ఆ మాటకు అమ్మ రెండు రోజులు తినలేదు.

నేను నిన్ను నమ్ముతున్నాను. కానీ అమ్మ దగ్గర ఇంకో మాట ఉంది. “బిడ్డ పోయిందని కబురు పంపితే ఒక ముక్కన్నా రాసిందా ఆ పిల్ల? అక్కయ్యుంటే రాయదా?” అంటుంది. జాహెదా మంచాన్ని గోడకు నిలబెట్టేసింది.

పావొలా తన చేత్తో ఆ వాక్యం మళ్లీ రాస్తే అమ్మ నమ్ముతుందేమో. నువ్వే అడగాలి.

జహీరా

*

కుప్పం,
15 జనవరి

ప్రియమైన జహీరా,

నాలుగు కాగితాలు చింపాను. ‘ఆ వాక్యం మళ్లీ రాసి పంపు’ అని ఇటాలియన్‌లో రాయడం కష్టం కాదు. ఎందుకు అడుగుతున్నానో రాయాల్సిన చోట కలం ఆగిపోతోంది.

పావొలా రాసినా మీ అమ్మ మునుపటిలా నమ్ముతుందని నాకు ఆశ లేదు. వచ్చే ఉత్తరాన్ని కూడా తెలుగు చేయాల్సింది నేనే కదా. ఇకమీదట ఆమె పేరుతో నేను ఏం చదివి చెప్పినా, అందులో నా మాట ఎంతని మీ అమ్మ వెతుక్కుంటుంది. వెతకడం న్యాయమే.

మీ అమ్మ అడిగినదానికి జవాబు నా దగ్గర ఉంది. జాహెదా కబురు పావొలాకు తెలియజేయమని మొదటి ఉత్తరంలోనే రాశావు. నేను ఆమెకు ఏమీ రాయలేదు. జాహెదా బతికే ఉందని ఆమె అనుకుంటోంది.

ఫిలోమిన