మూడింటిదాకా ఏడు మీమ్‌లు

తమ్ముడూ, వ్యాన్ తాళాల కోసం వెతక్కు. బాబాయికి ఇచ్చాను. ఇవాళ స్కూలు పిల్లల్ని ఆయనే దింపుతాడు. నీ ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయింది, ఇక అలారం ఎక్కడ మోగుతుంది? ఛార్జింగ్‌కి పెట్టాను.

"పదికల్లా పడుకుంటా, ఒట్టు" అన్నావు. ఒంటిగంటకి పక్క గదిలోంచే మీమ్ పంపావు. పై బొమ్మలో ఒకడు దుప్పటి కప్పుకుని "ఇవాళ తొందరగా పడుకుంటా" అంటాడు. కింద వాడే, ఎర్రబడ్డ కళ్లతో ఫోన్ పట్టుకుని ఉంటాడు, గడియారంలో మూడు. దానికి లైక్ కొడితే అలాంటివే ఇంకో పది వస్తాయి. అందరూ మనలాంటివాళ్లేలే అని నవ్వుకుంటూ ఇంకొకటి పైకి తోస్తాం. మూడింటిదాకా ఏడు పంపావు.

నిన్న సిగ్నల్ దగ్గర నీ కన్ను మూతపడిందట. వ్యాన్‌లో ముందు కూర్చునే పాప చెప్పింది. అందుకే తాళాలు బాబాయికి.

లేచాక ఏదైనా తిని మళ్లీ పడుకో.

– అక్క

మర్చిపోయా. ఆ ఏడు మీమ్‌లకీ అప్పటికప్పుడు నవ్వు బొమ్మ పెట్టింది నేనే. ఇవాళ వార్డులో ఇంజెక్షన్లు ఇచ్చేదీ నేనే. నాకూ కళ్లు మూతపడుతున్నాయి, హెడ్ సిస్టర్‌కి చెప్పి వేరే పని అడుగుతా. నా ఫోన్ నీ దిండు కింద పెట్టాను. రాత్రి ఒట్టు పెట్టి అడిగినా ఇవ్వకు.