ధ్రువనక్షత్రం ఎత్తు

రంగూన్, 1927 జనవరి, బుధవారం

బడిలో గొంతు పోయింది. పదిహేనో శతాబ్దపు ఓడల పాఠం. దిక్సూచి ఉండబట్టి మబ్బు పట్టినా ఉత్తరం ఎటో తెలిసేదన్నాను. నలుచదరపు తెరచాప వెనకగాలిని పట్టుకుంటే, మూడుమూలల తెరచాప ఎదురుగాలిలో కూడా ఓడను కాస్త అటూ, కాస్త ఇటూ ఏటవాలుగా తిప్పుతూ ముందుకు తెచ్చేది. ఓడ వెనక కొయ్యకి బిగించిన చుక్కాని దానికి తోడు. ఇవి లేకపోతే వెళ్ళినవాళ్ళు తిరిగి రాగలిగేవారు కాదు. పిల్లలు ఆవులించారు. నేనూ ఆవులించాను.

పాఠం కోసం కంచరిచేత చేయించిన, చుక్కల ఎత్తు కొలిచే ఇత్తడి ఆస్ట్రోలేబును ఇంటికి తెచ్చాను. చీకటి పడగానే డాబా మీద నా భార్య నరసమ్మకి చూపించాను. చక్రాన్ని బొటనవేలికి వేలాడదీసి, మధ్యలో తిరిగే బద్ద కన్నాల్లోంచి ధ్రువనక్షత్రాన్ని చూశాను. అంచు మీది గీత సుమారు పదిహేడు డిగ్రీలు చూపించింది.

"మా కోరంగిలో ఎంతుంటాదండీ?" అంది. కాపురానికొచ్చాక ఊరు వెళ్ళలేదు. ఈ ఏడూ వద్దన్నది నేనే.

"అక్కడా అంతే. రెండు ఊళ్ళకీ చుక్క ఒకే ఎత్తు."

"అయితే మనం సముద్రం దాటొచ్చీసినట్టు దీనికి తెలీదేటి?"

తూర్పు పడమరల దూరం దీనికి అందదనీ, ఆ కాలపు నావికులు దాన్ని ఓడ వేగాన్నిబట్టి ఊహించుకునేవారనీ చెప్పాను.

"ఆ దూరం నేను ఊహించుకోనక్కర్లేదు" అని కిందికి వెళ్ళిపోయింది.

చెయ్యి లాగుతున్నా చక్రం దించలేదు. తిరిగి రావడం ఎలాగో గొంతు పోయేదాకా చెప్పొచ్చినవాణ్ణి నేనే.